ఎరువు ప్యాకెట్‌పై మూడు అంకెలు: ఆకు మొక్కకు ఏది, పూల మొక్కకు ఏది

సంక్షిప్తంగా: ఎరువు ప్యాకెట్‌పై ఉండే మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. ఎరువును ఎంచుకోవడానికి అంకెల పరిమాణం కంటే వాటి మధ్య నిష్పత్తి ముఖ్యం. ఆకుల అందం కోసం పెంచే మొక్కలకు నత్రజని ముందుండే 3-1-2 నిష్పత్తి సరిపోతుంది. పూల మొక్కలకు పెంచాల్సింది సాధారణంగా పొటాష్. భాస్వరం రెండింటికీ తక్కువగానే చాలు. పూల కోసమంటూ అమ్మే భాస్వరం ఎక్కువున్న పొడులు కుండీల్లో మేలు కన్నా ఇబ్బందే ఎక్కువ తెస్తాయి.

మిద్దెతోటల వాడకం పెరిగాక, ఒకప్పుడు రైతులకే పరిచయమైన ఎరువులు చిన్న ప్యాకెట్లలో నర్సరీల్లోకి, ఆన్‌లైన్ దుకాణాల్లోకి వచ్చాయి. ఒకే అరలో 19-19-19, 13-0-45, 0-52-34, 12-61-0 పక్కపక్కనే కనిపిస్తాయి. ధరలు దగ్గరదగ్గరగానే ఉంటాయి, అన్నీ తెల్లని పొడులే. కొనేవారికి దొరికే సలహా మాత్రం చాలాసార్లు ఒక్క వాక్యంలో ముగుస్తుంది: ఆకులకు మొదటి అంకె, పూలకు రెండో అంకె, కాయలకు మూడో అంకె. గుర్తుపెట్టుకోవడానికి సులువైన సూత్రమే. కానీ అందులో మొదటి మూడో వంతు మాత్రమే దాదాపు నిజం, రెండో వంతు కుండీల విషయంలో తప్పుదారి పట్టిస్తుంది.

అంకెలు దేని శాతాలు

మన దేశంలో ఎరువుల నాణ్యతను, లేబుళ్లను నియంత్రించేది 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు. ఆ లెక్క ప్రకారం మొదటి అంకె ఎరువు బరువులో నత్రజని శాతం. డీఏపీ సంచిపై 18-46-0 అని ఉంటే, వంద కిలోల డీఏపీలో 18 కిలోల నత్రజని ఉన్నట్టు. ఇంతవరకూ గందరగోళం లేదు.

రెండో, మూడో అంకెల దగ్గర చిన్న మెలిక ఉంది. 46 అంటే వంద కిలోల్లో 46 కిలోల భాస్వరం అని కాదు. అది P2O5 అనే ఆక్సైడు రూపంలో లెక్కగట్టిన అంకె. మూడోది కూడా అంతే, K2O రూపంలో లెక్క. పంతొమ్మిదో శతాబ్దంలో రసాయన శాస్త్రవేత్తలు మొక్కలను కాల్చి, మిగిలిన బూడిదలోని ఖనిజాలను ఆక్సైడ్లుగా లెక్కించేవారు. బూడిదతో అవసరం తీరిపోయినా వ్యాపారంలో ఆ అలవాటు మాత్రం ఉండిపోయింది. నిజానికి డీఏపీలో P2O5 అనే పదార్థమే ఉండదు. అసలు భాస్వరం ఎంతో తెలియాలంటే రెండో అంకెను 0.44తోనూ, అసలు పొటాషియం కోసం మూడో అంకెను 0.83తోనూ గుణించాలి. అలా చూస్తే డీఏపీలో అసలు భాస్వరం 20 శాతమే.

ఆస్ట్రేలియాలో లేబుళ్లపై ఆక్సైడు లెక్క కాకుండా మూలకాల లెక్కే వేస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు డీఏపీ సంచిపై 18-20-0 అని చూసి ఇది వేరే సరుకేమో అనుకోవచ్చు. అది ఇక్కడి 18-46-0 సరుకే. ఇక్కడి అలవాటు ప్రకారం చెప్పే మోతాదులను అక్కడి ప్యాకెట్‌కు అన్వయించేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

మూడు అంకెలూ కలిపితే వంద రాదు. 19-19-19లో 57 మాత్రమే వస్తుంది. మిగతా 43 శాతం ఇసుకో సున్నమో కలిపారన్న అనుమానం తరచూ వినిపిస్తుంది. నీటిలో పూర్తిగా కరిగే ఎరువు విషయంలో అది నిజం కాదు. యూరియాలో 46 శాతం నత్రజని అయితే, మిగతాది ఆ యూరియా అణువులోనే ఉన్న కర్బనం, ఆక్సిజన్, హైడ్రోజన్. అవి లేకుండా యూరియా ఉండదు. ఇక 20-20-0-13 లాంటి సంచులపై నాలుగో అంకె గంధకానిది. అంకెలే ముద్రించకుండా టానిక్ అనో, బూస్టర్ అనో రాసి అమ్మే సీసాలూ ఉన్నాయి. వాటిలో ఏముందో తెలియదు కాబట్టి వాటిని పోల్చడం గానీ ఎంచుకోవడం గానీ సాధ్యం కాదు. ఈ వ్యాసంలోని లెక్కలేవీ వాటికి వర్తించవు.

పరిమాణం కాదు, నిష్పత్తి

24-8-16 అని రాసిన పొడి, 12-4-8 అని రాసిన ద్రవం, 3-1-2 అని రాసిన మరో ద్రవం ఒకే అరలో ఉన్నాయనుకుందాం. చూడగానే మొదటిది బలమైనది, చివరిది నాసిరకం అనిపిస్తుంది. నిజానికి మూడింటిలోనూ నత్రజని, భాస్వరం, పొటాష్ మూడు, ఒకటి, రెండు వంతులుగానే ఉన్నాయి. తేడా చిక్కని మజ్జిగకూ పలచని మజ్జిగకూ ఉన్న తేడా లాంటిదే. మొదటిది ఒక గ్రాము వాడే చోట మూడోది ఎనిమిది గ్రాములు వాడితే మొక్కకు అందే పోషకాలు సమానం.

అందువల్ల ప్యాకెట్ చూడగానే చేయాల్సిన మొదటి పని మూడు అంకెలనూ వాటిలో చిన్న అంకెతో భాగించడం. 19-19-19ను భాగిస్తే 1-1-1. సున్నా ఉన్న ప్యాకెట్‌లో ఆ పోషకం అసలే లేదు కాబట్టి అది పూర్తి ఆహారం కాదు. 13-0-45, 0-52-34 లాంటివి వేరే ఎరువుతో కలిపి లేదా మార్చి మార్చి వాడాల్సినవే. అంకెల పరిమాణం రెండు విషయాలకు మాత్రమే పనికొస్తుంది: లీటరుకు ఎన్ని గ్రాములు వేయాలి, పెట్టిన డబ్బుకు ఎంత పోషకం వస్తోంది. పలచని ద్రవ ఎరువు కొనేవారు చాలావరకు నీటికే డబ్బు చెల్లిస్తున్నట్టు.

మూడు సమాన అంకెలున్న ఎరువును సమతుల ఎరువు అంటారు. ఆ పేరు వల్లే ఒక అపోహ పుట్టింది. అంకెలు సమానమైతే మొక్క అవసరానికి సరిగ్గా సరిపోతుందని అర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకును ఎండబెట్టి పరీక్షిస్తే సాధారణంగా నత్రజని 3 నుంచి 4 శాతం, పొటాషియం 2 నుంచి 4 శాతం ఉంటాయి. భాస్వరం మాత్రం అర శాతం లోపే. దీన్ని ప్యాకెట్ భాషలోకి మారిస్తే, అంటే ఆక్సైడు లెక్కకు తెస్తే, సుమారుగా నాలుగు వంతుల నత్రజనికి ఒక వంతు భాస్వరం, మూడు నాలుగు వంతుల పొటాష్ వస్తుంది. మొక్క తన శరీరాన్ని కట్టుకునే నిష్పత్తి ఇది. దానితో పోలిస్తే 19-19-19లో కూడా భాస్వరం అవసరానికి మించే ఉంది. ఇక 0-52-34 గురించి చెప్పనక్కర్లేదు.

పూలకు భాస్వరం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. భాస్వరం కొరత ఉన్న నేలలో మొక్క గిడసబారుతుంది, వేరు సరిగా సాగదు, పూత ఆలస్యమవుతుంది. అలాంటి నేలలో సూపర్ ఫాస్ఫేటో డీఏపీయో వేస్తే పూత ముందుకు జరగడం కళ్లకు కనిపించే మార్పే. మన ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టేస్తాయి. నల్లరేగడిలో సున్నం పట్టేస్తుంది. వేసినదాంట్లో కొంత భాగమే పైరుకు అందుతుంది, అదీ నేలలో కదలదు. అందుకే రైతులు భాస్వరం ఎరువును ఆఖరి దుక్కిలోనే వేరు దగ్గరకు చేరేలా వేస్తారు. గింజ పంటల్లో దాని పాత్ర మరింత పెద్దది, ఎందుకంటే మొక్క గింజల్లో భాస్వరాన్ని నిల్వ చేసుకుంటుంది.

ఈ అనుభవం పొలం నుంచి కుండీకి వచ్చేసరికి మూడు సంగతులు మారిపోయాయి. మొదటిది, కుండీ మిశ్రమంలో వర్మీ కంపోస్టో పశువుల ఎరువో మూడో వంతు దాకా ఉంటుంది, వాటిలో భాస్వరం ఇప్పటికే దండిగా ఉంది. రెండోది, పూల కోసం పెంచే మందార, గులాబీ, చామంతి గింజ కట్టే దాకా ఉంచరు. వాడిన పూలను తుంచేస్తారు, గింజల కోసం కావాల్సిన భాస్వరం అక్కడ ఖర్చే కాదు. మూడోది అన్నిటికంటే కీలకం: కొరతను తీర్చినప్పుడు పూత పెరగడం వేరు, కొరత లేనిచోట అదనంగా వేసి పూత పెంచాలనుకోవడం వేరు. కుండీల్లో పెంచే అలంకరణ మొక్కలకు పోసే ద్రావణంలో లీటరుకు 15 నుంచి 30 మిల్లీగ్రాముల అసలు భాస్వరం ఉంటే సరిపోతుంది. 0-52-34ను లీటరుకు ఒక గ్రాము కలిపితే అందులో సుమారు 227 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ మిగులు పూవుగా మారదు.

అయినా ఆ పొడి వాడాక పూలు వచ్చాయని చెప్పేవారు చాలామంది ఉన్నారు, వారు అబద్ధం చెప్పడం లేదు. 0-52-34లో నత్రజని లేదు, పొటాష్ 34 ఉంది. అప్పటిదాకా యూరియా లేదా వేరుశనగ చెక్క నీళ్లు విపరీతంగా పోస్తూ ఆకులే పెంచిన మొక్కకు ఒక్కసారిగా నత్రజని ఆగి పొటాష్ అందితే మొగ్గ తొడగడం సహజం. ఆ ఘనత భాస్వరం ఖాతాలో పడింది.

మిగిలిపోయిన భాస్వరం చేసే పని

ఎర్రమట్టి కలిసిన కుండీలో భాస్వరం అంత తేలిగ్గా కొట్టుకుపోదు, పేరుకుంటుంది. పేరుకున్న భాస్వరం వల్ల ఇనుము, జింకు మొక్కకు అందడం కష్టమవుతుంది. దాని గుర్తు కొత్త చిగుళ్లలో కనిపిస్తుంది: ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపుగా, కొన్నిసార్లు దాదాపు తెల్లగా మారుతుంది. మందార మొక్కలకు ఈ ఇబ్బంది త్వరగా వస్తుందని వాటిని ప్రత్యేకంగా పెంచేవారు భాస్వరం తక్కువున్న ఎరువులనే కోరుకుంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇదే పసుపు రంగు బోరు నీటి వల్ల కూడా వస్తుంది. బైకార్బనేట్లు ఎక్కువున్న గట్టి నీరు నెలల తరబడి పోస్తే మట్టి క్షారంగా మారి, ఇనుము ఉన్నా కరగదు. చాలా ఇళ్లలో రెండు కారణాలూ కలిసే పనిచేస్తాయి. నత్రజని కొరత మాత్రం దీనికి భిన్నంగా కనిపిస్తుంది: ముందుగా అడుగున ఉన్న ముదురాకులు ఈనెలతో సహా మొత్తంగా పసుపెక్కుతాయి. పొటాష్ కొరతలో ముదురాకుల అంచులు మాడినట్టవుతాయి. ఏ ఆకు, ముదురా లేతా అన్నది చూడకుండా పసుపు కనిపించగానే ఎరువు వేయడం వల్ల సమస్య తరచూ పెద్దదవుతుంది.

భాస్వరం ఎంత తేలిగ్గా పేరుకుంటుందో చెప్పడానికి డీఏపీ ఒక్కటి చాలు. కుండీలో ఒక టీస్పూను డీఏపీ, అంటే సుమారు 5 గ్రాములు, వేస్తే అందులో ప్యాకెట్ లెక్కన 2.3 గ్రాముల భాస్వరం ఉంటుంది. కింద మందారకు చెప్పబోయే పద్ధతిలో నెల మొత్తానికి ఇచ్చే భాస్వరం 0.19 గ్రాములే. అంటే ఒక్క చెంచా డీఏపీతో ఆ కుండీకి ఏడాది భాస్వరం ఒకేసారి చేరిపోయినట్టు. పై నెల మరో చెంచా వేసేవారూ ఉన్నారు.

ఎముకల పొడి కథ కొంచెం వేరు. పచ్చి ఎముకల పొడిలో నత్రజని 3 శాతం, భాస్వరం 20 శాతం ఉంటాయి. అది ఆమ్ల స్వభావం ఉన్న మట్టిలోనే నెమ్మదిగా కరుగుతుంది. క్షార మట్టిలో, గట్టి నీరు పోసే కుండీలో, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అపకారం తక్కువే, ఉపకారమూ తక్కువే.

ఆకుల కోసం పెంచే మొక్కలు

మనీప్లాంట్, క్రోటన్లు, ఫిలోడెండ్రాన్, పామ్, కరివేపాకు, తమలపాకు తీగ వంటివాటిలో మనకు కావాల్సింది ఆకే. ఆకుపచ్చదనానికి, కొత్త ఆకు పరిమాణానికి ప్రధానమైన ముడిసరుకు నత్రజని. ఆకు మొక్కల నర్సరీ పెంపకంలో ప్రపంచమంతటా స్థిరపడిన నిష్పత్తి 3-1-2. ఆ నిష్పత్తిలో తయారైన ఎరువు దొరికితే మరేమీ ఆలోచించకుండా అదే తీసుకోవచ్చు. కానీ మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది 19-19-19.

దాన్నే దారికి తెచ్చుకోవచ్చు. 19-19-19 పది గ్రాములు, యూరియా ఏడు గ్రాములు, 13-0-45 నాలుగు గ్రాములు ముప్పై లీటర్ల నీటిలో కలిపితే ఏమవుతుందో చూద్దాం. నత్రజని పదార్థాల నుంచి వరుసగా 1.9, 3.2, 0.5 గ్రాములు వస్తుంది, మొత్తం 5.6. భాస్వరం 19-19-19 నుంచి మాత్రమే, 1.9 గ్రాములు. పొటాష్ 1.9, 1.8 కలిపి 3.7. అంటే 5.6-1.9-3.7, దాదాపు మూడు, ఒకటి, రెండు. లీటరు నీటిలో నత్రజని దాదాపు 190 మిల్లీగ్రాములు. ఆరుబయట వెలుగులో ఎదిగే ఆకు మొక్కలకు రెండు వారాలకోసారి ఇది సరిపోతుంది. కుండీలు తక్కువైతే అన్నిటినీ అదే నిష్పత్తిలో తగ్గించుకోవాలి. పొడులను ముందే కలిపి డబ్బాలో దాచకూడదు. యూరియా, నైట్రేటు కలిసినప్పుడు గాలిలోని తేమను పీల్చి ముద్దవుతాయి. ఏ రోజుకారోజు నీటిలోనే కలుపుకోవాలి.

ఇంటి లోపలి మొక్కల దగ్గర నిర్ణయించేది ఎరువు కాదు, వెలుతురు. కిటికీకి దూరంగా ఉన్న మనీప్లాంట్ ఎదిగే వేగం బయటి మొక్కతో పోలిస్తే చాలా తక్కువ, కాబట్టి దాని ఆకలీ తక్కువ. పై ద్రావణాన్ని అంతే నీటితో మరోసారి పలచన చేసి నెలకోసారి పోస్తే చాలు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ వంటి నిదానంగా పెరిగేవాటికి ఎండాకాలం, వానాకాలం కలిపి మూడు నాలుగు సార్లు పోసినా ఎదుగుదల కుంటుపడదు. వాడని ఎరువు లవణంగా మట్టిలో ఉండిపోతుంది. ఆకు కొనలు గోధుమ రంగుకు మారి ఎండిపోవడం, కుండీ అంచున తెల్లని పొర కట్టడం దాని లక్షణాలు.

వేరుశనగ చెక్క నానబెట్టిన నీరు, వేపపిండి రెండూ నత్రజని ముందుండే ఎరువులే. వేరుశనగ చెక్కలో నత్రజని సుమారు 7 శాతం, మిగతా రెండూ ఒకటి ఒకటిన్నర శాతం. ఆకు మొక్కలకు అవి చక్కగా నప్పుతాయి. పూల మొక్కలకు అవే ప్రధానాహారమైతే ఆకు గుబురెక్కి మొగ్గ తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

పూల మొక్కలు: ఒక మందార కుండీ లెక్క

పూల మొక్కకు నత్రజని అక్కర్లేదన్న భావన కూడా సరికాదు. మందార కొత్త కొమ్మ మీదే పూస్తుంది, గులాబీ కూడా అంతే. కొత్త కొమ్మ రావాలంటే నత్రజని కావాలి. కాకపోతే పొటాష్ దానికి సమానంగా లేదా కొంచెం ఎక్కువగా ఉండాలి. పొటాషియం మొక్కలో చక్కెరలు ఆకు నుంచి మొగ్గకు చేరడానికీ, కణాల్లో నీటి బిగువు నిలవడానికీ తోడ్పడుతుంది. మే నెల ఎండలో మొగ్గ నిలబడటానికి ఈ బిగువు అవసరం.

పన్నెండు అంగుళాల కుండీలో ఉన్న మందార మొక్కను తీసుకుందాం. పది రోజులకోసారి లీటరు ద్రావణం, నెలకు మూడు సార్లు. ప్రతిసారీ లీటరుకు ఒక గ్రాము ఎరువు.

మొదటి పద్ధతిలో ఒకసారి 19-19-19, తర్వాత 13-0-45, ఆ తర్వాత కాల్షియం నైట్రేటు. కాల్షియం నైట్రేటు ప్యాకెట్‌పై 15.5-0-0 అని ఉంటుంది, దానితోపాటు కాల్షియం శాతం రాస్తారు. నెల మొత్తానికి మొక్కకు అందేది నత్రజని 475 మిల్లీగ్రాములు, భాస్వరం 190, పొటాష్ 640. నిష్పత్తి దాదాపు 2.5-1-3.4. ఇంతకు ముందు చూసిన ఆకు నిర్మాణ నిష్పత్తికి దగ్గరగా ఉంటూ, పొటాష్ వైపు కొద్దిగా మొగ్గిన లెక్క ఇది.

రెండో పద్ధతి చాలా చోట్ల సిఫార్సు చేసేది: ఒకసారి 19-19-19, రెండుసార్లు 0-52-34. అప్పుడు నెలకు నత్రజని 190, భాస్వరం 1230, పొటాష్ 870 మిల్లీగ్రాములు. నిష్పత్తి 1-6.5-4.6. నత్రజని మొదటి పద్ధతిలో సగం కూడా లేదు, భాస్వరం ఆరున్నర రెట్లు. మొదటి రెండు నెలలు పూలు బాగానే వస్తాయి, ఎందుకంటే మొక్క అప్పటికే దాచుకున్న నత్రజనితో నడుస్తుంది. ఆ తర్వాత కొత్త కొమ్మలు సన్నబడతాయి, చిగుళ్లు పాలిపోతాయి. అప్పుడు దుకాణానికి వెళితే మరో సూక్ష్మపోషకాల సీసా చేతికొస్తుంది.

మొదటి పద్ధతిలో ఒక షరతు ఉంది. కాల్షియం నైట్రేటును 19-19-19తోనో, ఏ ఫాస్ఫేటు లేదా సల్ఫేటు ఎరువుతోనో ఒకే బకెట్‌లో చిక్కగా కలపకూడదు. నీరు పాలలా తెల్లబడి అడుగున పొడి దిగితే కాల్షియం, భాస్వరం పరస్పరం బంధించుకున్నాయని అర్థం. అప్పుడు ఆ రెండూ మొక్కకు అందవు. వేర్వేరు రోజుల్లో పోయడానికి కారణం అదే.

గులాబీ, నూరువరహాలు, బంతికి ఇదే లెక్క కొద్ది మార్పులతో వర్తిస్తుంది. చామంతికి మొదట్లో, అంటే నారు నాటి కొమ్మలు తుంచుతూ గుబురు చేసే వర్షాకాలపు నెలల్లో, ఆకు మొక్కలకు చెప్పిన 3-1-2 ద్రావణమే మంచిది. మొగ్గ కనిపించాక 13-0-45 వైపు మారాలి. అరటి తొక్క నానబెట్టిన నీరు పొటాష్ కోసమని చాలా ప్రచారంలో ఉంది. తొక్కలో పొటాష్ ఉన్నమాట నిజమే గానీ తొక్కలో అధిక భాగం నీరే, దాన్ని నానబెట్టిన నీటిలోకి దిగేది ఇంకా కొంచెం. కంపోస్టు గుంటలో వేస్తే దానికి న్యాయం జరుగుతుంది.

ప్యాకెట్ వెనుక వైపు

ముందువైపు అంకెలు ఒకటే అయినా వెనుక చిన్న అక్షరాల్లో తేడాలుంటాయి. నత్రజని మూడు రూపాల్లో ఉంటుంది: యూరియా, అమ్మోనియా, నైట్రేటు. మొక్క నైట్రేటును వెంటనే తీసుకుంటుంది. యూరియాను మట్టిలోని సూక్ష్మజీవులు ముందుగా మార్చాలి. మన వేడికి ఆ మార్పు కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. కానీ శుభ్రమైన కొబ్బరి పొట్టులో మాత్రమే పెంచే మొక్కకు సూక్ష్మజీవుల తోడు తక్కువ. అలాంటి కుండీలకు నైట్రేటు భాగం ఎక్కువున్నదే వాడటం నయం. అమ్మోనియా భాగం ఎక్కువైతే ఆకు మెత్తగా, ముదురు పచ్చగా పెరిగి పేనుబంకను పిలుస్తుంది.

నిదానంగా విడుదలయ్యే గుళికలపై 14-14-14, మూడు నాలుగు నెలలు అని రాస్తారు. ఆ గడువు సాధారణంగా 21 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. విజయవాడలోనో రామగుండంలోనో ఏప్రిల్ మేడపై ఉన్న నల్ల ప్లాస్టిక్ కుండీ మట్టి అంతకంటే ఎంతో వేడెక్కుతుంది. వేడికి గుళికల పైపొర తొందరగా వదులై ఎరువు ముందే బయటికొస్తుంది. ఎండాకాలంలో ఆ గుళికలను సగం మోతాదుకు తగ్గించడం, అవి ఉన్న కుండీకి మళ్లీ ద్రావణం పోయకపోవడం అవసరం.

ఎరువుతో రాని పూత

పూత ఆగిపోవడానికి చాలాసార్లు పోషకాలతో సంబంధమే ఉండదు. చామంతి పగటి పొద్దు తగ్గినప్పుడే మొగ్గ వేస్తుంది. వీధి దీపం వెలుగు రాత్రంతా పడే బాల్కనీలో చామంతికి ఏ పొడి పోసినా పూత ఆలస్యమవుతుంది. మల్లె రైతులు శీతాకాలంలో నీరు తగ్గించి కొమ్మలు కత్తిరించాకే ఎరువు, నీరు మొదలుపెడతారు. ఎరువు ముందు, కత్తిరింపు తర్వాత అయితే గుబురు పెరుగుతుంది, మొగ్గలు కాదు. కాగితపు పూల తీగ కాస్త ఎండగడితేనే విరగబూస్తుంది. మందారకు రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే పై లెక్కలన్నీ కాగితం మీదే ఉంటాయి.

ఇప్పటికే భాస్వరం పేరుకుపోయిన కుండీని దారికి తేవచ్చు, కాకపోతే సమయం పడుతుంది. డీఏపీ, ఎముకల పొడి, 19-19-19 అన్నీ నాలుగైదు నెలలు ఆపి, కాల్షియం నైట్రేటు, 13-0-45 మాత్రమే మార్చి మార్చి ఇవ్వాలి. ఈలోగా చిగుళ్ల పసుపు తగ్గడానికి ఇనుము కీలేటును, అంటే ఇనుమును కరిగిన రూపంలోనే పట్టి ఉంచే ఎరువును, పోయవచ్చు. గట్టి నీరు పోసే మట్టిలో మామూలు ఈడీటీఏ రూపం త్వరగా పనిచేయడం మానేస్తుంది, ఈడీడీహెచ్ఏ రూపం నిలుస్తుంది. ఒకసారి పసుపెక్కి ముదిరిన ఆకు మళ్లీ పూర్తిగా పచ్చబడదు కాబట్టి ఫలితాన్ని ఆ తర్వాత వచ్చిన కొత్త చిగుళ్లలోనే చూడాలి. రెండు మూడు విడతల చిగుళ్లు పచ్చగా వచ్చాక నెలకోసారి 19-19-19ను మళ్లీ మొదలుపెట్టవచ్చు.